ఫొటో పోయినా పురుగు ఆనవాళ్లు చేనులోనే ఉంటాయి

మొక్కజొన్న ఆకుల మీద పురుగు కనబడగానే ఫోన్ తీసి ఫొటో కొట్టడం ఇప్పుడు రైతులకు అలవాటే. దాన్ని ఎవరికైనా చూపించేలోపు, ఫోన్‌లో జాగా లేదని ఇంట్లో పిల్లలు తీసేస్తే? ముందు గ్యాలరీలో చెత్తబుట్ట గుర్తు నొక్కి చూడాలి. చాలా ఫోన్లలో తీసేసిన ఫొటో నెల రోజుల దాకా అక్కడే ఉంటుంది. అందులోనూ లేకపోతే ఇక నోటిమాటే ఆధారం.

అడగ్గానే ఎవరైనా మొదట చెప్పేది రంగు. మొక్కజొన్నను ఇప్పుడు ఎక్కువగా పాడుచేస్తున్న కత్తెర పురుగు విషయంలో రంగును నమ్ముకుంటే దారి తప్పుతాం. ఒకే చేనులో ఒకటి లేత ఆకుపచ్చగా, ఇంకొకటి గోధుమ రంగులో, మరొకటి దాదాపు నల్లగా ఉండొచ్చు. ఇది అమెరికా ఖండాల నుంచి వచ్చిన పురుగు. 2018లో మొదట కర్ణాటకలో కనబడి, అదే ఏడాది తెలుగు రాష్ట్రాలకూ పాకింది. అంతకుముందు నుంచీ మనకు తెలిసిన పొగాకు లద్దె పురుగు, కాండం తొలిచే పురుగు కూడా మొక్కజొన్న మీద ఉంటాయి కాబట్టి పొరపడటం తేలిక.

దీన్ని పట్టించే గుర్తు తోక దగ్గర ఉంటుంది. చివరి భాగానికి కాస్త ముందు, వీపు మీద నాలుగు నల్లటి చుక్కలు పాచిక మీది నాలుగులా చతురస్రంగా ఉంటాయి. మిగతా భాగాల మీదా నాలుగేసి చుక్కలుంటాయి గానీ అక్కడ ముందు రెండూ దగ్గరగా, వెనక రెండూ ఎడంగా ఉంటాయి. తల మీద తలకిందులైన ‘వై’ అక్షరంలా లేత రంగు గీత కూడా కనిపిస్తుంది. అయితే అలాంటి గీత వేరే పురుగుల తలల మీద కూడా మసకగా ఉండొచ్చు. అందుకే తల గీత ఒక్కటే చూసి తేల్చేయకూడదు. చుక్కలతో కలిపి చూడాలి.

చూసినాయన దగ్గర ఈ వివరాలు రాబట్టడం అడిగే తీరును బట్టి ఉంటుంది. “తోక మీద నాలుగు చుక్కలున్నాయా?” అంటే చాలామంది “ఉన్నయి” అనేస్తారు. ఫోన్‌లో మాట ఇలా సాగితే మేలు.

“పురుగు ఎక్కడ కనబడ్డది అన్నా?”

“మొక్క సుడిలనే సార్. ఆకు విప్పి చూస్తే లోపల ఉంది.”

“సుడిలో ఇంకేమున్నది?”

“రంపపు పొట్టు లెక్క తడితడి చెత్త నిండి ఉన్నది.”

“ఎంత పొడుగుంటది?”

“చిటికెన వేలు రెండు కణుపులంత.”

“ఒంటి మీద ఏం కనబడ్డయి?”

“గీతలున్నయి. ఎనక దిక్కు చుక్కలు కూడా ఉన్నయి.”

“ఆ చుక్కలు ఎట్లున్నయి?”

ఇక్కడ “నాలుగు, చదరంగా” అని ఆయనంతట ఆయనే అంటే సందేహం దాదాపు తీరినట్టే. ఇందులో సగం సంగతులు ఫొటో ఉన్నా తెలిసేవి కావు. పురుగు పొడుగు, సుడిలో విసర్జన, అది ఆకు మీద దొరికిందా లోపల దొరికిందా అన్నది దగ్గరగా తీసిన ఫొటోలో పడదు.

పురుగు మళ్లీ దొరక్కపోతే మొక్కను అడగాలి. కత్తెర పురుగు తిన్న సుడి విచ్చుకున్నప్పుడు ఆకుల మీద అంచులు చిరిగిన పెద్ద పెద్ద రంధ్రాలు కనిపిస్తాయి, సుడి నిండా విసర్జన ఉంటుంది. ఆకు మీద రంధ్రాలు వరసగా ఉన్నాయన్న మాట ఒక్కటే చాలదు, ఎందుకంటే కాండం తొలిచే పురుగు కూడా అలాంటి వరసే పెడుతుంది. తేడా మొవ్వులో తెలుస్తుంది. కాండం తొలిచే పురుగు లోపలికి వెళితే మొవ్వు ఎండిపోతుంది, పట్టి లాగితే తేలిగ్గా ఊడి వస్తుంది. కాండం చీల్చి చూస్తే సొరంగం కనబడుతుంది. ఈ తేడా తెలిస్తేనే మందు ఎక్కడ పడాలో తెలుస్తుంది. కత్తెర పురుగు పెద్దదైతే సుడిలో తన విసర్జన అడుగున దాక్కుంటుంది. ఆకుల మీద పైపైన చల్లితే దానికి తగలదు, మందు సుడిలోకి దిగాలి.

గుడ్డు నుంచి అప్పుడే వచ్చిన పిల్ల పురుగుల మీద మాత్రం ఈ చుక్కలు కంటికి ఆనవు. అవి ఆకు పచ్చదనాన్ని గీకి తింటాయి, దాంతో ఆకు మీద పల్చటి పొర మిగిలి వెలుతురు కనిపించే మచ్చలు ఏర్పడతాయి. అలాంటివి దొరికితే మూతకు సన్నటి చిల్లులు పెట్టిన డబ్బాలో లేత మొక్కజొన్న ఆకు వేసి పెంచాలి, రోజూ ఆకు మార్చాలి. ఒంటి మీద గుర్తులు స్పష్టంగా కనబడేంత పెరిగాక మళ్లీ చూడొచ్చు. డబ్బాకు ఒక్క పురుగే ఉండాలి, రెండు పెడితే ఒకదాన్నొకటి తినేస్తాయి.