పాలసీ తీసుకున్న మర్నాడే అన్నీ వర్తించవు

మొదటిసారి ఆరోగ్య బీమా తీసుకునేవాళ్లు ప్రీమియం ఎంత, ఎన్ని లక్షలు వస్తాయి అని అడుగుతారు. ఏ జబ్బుకు ఎప్పటి నుంచి వస్తాయన్నది అంతకన్నా ముందు అడగాలి. దానికి జవాబు పాలసీలో ‘వెయిటింగ్ పీరియడ్’ అన్న చోట ఉంటుంది.

కరీంనగర్‌లో 52 ఏళ్ల సరోజగారు 2025 జనవరి 10న 5 లక్షల పాలసీ తీసుకున్నారనుకుందాం. ఆమెకు షుగరుంది, రోజూ మాత్రలు వేసుకుంటారు. ఆ సంగతి ప్రపోజల్ ఫారంలో రాశారు. జనవరి 25న డెంగీతో ఆసుపత్రిలో చేరితే క్లెయిమ్ రాదు. మొదటి 30 రోజులు జబ్బులకు పాలసీ పనిచేయదు. అదే రోజు స్కూటీ మీంచి పడి కాలు విరిగితే మాత్రం వస్తుంది, ప్రమాదానికి ఈ గడువు లేదు.

కంటి శుక్లం, హెర్నియా, మోకీలు మార్పిడి లాంటివాటికి వేరే జాబితా ఉంటుంది. చాలా పాలసీల్లో వీటికి రెండేళ్లు ఆగాలి. అంటే సరోజగారి శుక్లం ఆపరేషన్‌కు 2027 జనవరి వరకు సొంత డబ్బే. ఇక షుగరు వల్ల కాలికి పుండు పడితే? అది పాలసీకి ముందు నుంచీ ఉన్న జబ్బు కిందికి వస్తుంది. ఇలాంటి వాటికి మూడేళ్లకు మించి ఆపకూడదని బీమా నియంత్రణ సంస్థ 2024లో నిబంధన తెచ్చింది, అంతకుముందు నాలుగేళ్లుండేది. కనుక 2028 జనవరి నుంచి వస్తుంది, మధ్యలో రెన్యువల్ తప్పకపోతేనే.

చాలామందికి తెలియని మెలిక ఒకటుంది. 2027లో ఆమె పాలసీని 10 లక్షలకు పెంచితే, పెంచిన 5 లక్షలకు లెక్క మళ్లీ మొదటి నుంచి మొదలవుతుంది. 2028లో కాలి చికిత్సకు 7 లక్షలైతే పాత 5 లక్షల వరకే అడగగలరు. పెంచాలనుకునేవారు ఆరోగ్యంగా ఉన్నప్పుడే పెంచుకోవడం మేలు.

మినహాయింపు ఇలా కాదు. ఎన్నేళ్లు కట్టినా దానికి డబ్బు రాదు. అందం కోసం చేయించుకునే సర్జరీ అలాంటిదే, అయితే కాలిన గాయాల తర్వాత అవసరమైతే అది వేరు. రైడర్ అంటే అదనపు ప్రీమియంతో అసలు పాలసీకి జోడించుకునే రక్షణ, విడిగా అమ్మరు. ముందు నుంచి ఉన్న జబ్బులకు ఆగాల్సిన కాలాన్ని తగ్గించే రైడర్లను కొన్ని కంపెనీలు ఇస్తున్నాయి. సరోజగారికి అలాంటిదే పనికొస్తుంది.

‘షుగరు సంగతి రాయకండి, ప్రీమియం పెరుగుతుంది’ అని ఎవరు చెప్పినా దయచేసి వినకండి. ఆసుపత్రి రికార్డుల్లో అది బయటపడితే క్లెయిమే కాదు, పాలసీ కూడా పోవచ్చు.

పాలసీ కాగితం చేతికి వచ్చాక 30 రోజుల్లోపు నచ్చలేదని తిప్పి పంపవచ్చు. అప్పటిదాకా రక్షణ ఇచ్చిన రోజులకు, వైద్య పరీక్షలకు, స్టాంపు ఖర్చులకు కోసుకుని మిగతా సొమ్ము ఇస్తారు. ఆలోగా ఈ గడువులున్న పేజీలను ఇంట్లో ఉన్న జబ్బుల పేర్లు పక్కన పెట్టుకుని చదవండి.