షాపులో సరిపోయింది... బయటికొస్తే బూడిదరంగు!

షాపులో చక్కగా నప్పిన ఫౌండేషన్ బయటికి రాగానే ముఖానికి బూడిద పూసినట్టు కనిపిస్తోందా? చామనఛాయ ఉన్నవారికి తరచూ ఎదురయ్యే ఇబ్బందే ఇది. షేడ్ మరీ లేతగా ఉన్నా, అండర్‌టోన్ కలవకపోయినా ఇలా జరుగుతుంది.

ఎండకు చర్మం నల్లబడొచ్చు గానీ, దాని అడుగున ఉండే ఛాయ పెద్దగా మారదు. అదే అండర్‌టోన్. పసుపు, బంగారు ఛాయ ఉంటే వార్మ్ అంటారు. మణికట్టు దగ్గర నరాల రంగు చూసి తేల్చుకోమంటారు. కానీ చామనఛాయలో అవి స్పష్టంగా కనిపించకపోవచ్చు. కాబట్టి ముఖం మీదే పరీక్షించండి.

దవడ అంచు నుంచి మెడ వైపు మూడు గీతలు గీయండి. ఒకటి గులాబీ ఛాయది, రెండోది అంతే ముదురుగా ఉండే బంగారు ఛాయది, మూడోది దానికన్నా ఒక మెట్టు ముదురుది. షాపులోని పసుపు లైట్ల కింద మూడూ కలిసిపోయినట్టే ఉంటాయి. పావుగంట ఆగండి. కొన్ని ఫౌండేషన్లు ఆరాక కాస్త ముదురుతాయి. తర్వాత నేరుగా ఎండ పడని చోట, పగటి వెలుతురులో అద్దం చూసుకోండి. మీ అండర్‌టోన్ వార్మ్ అయితే గులాబీ గీత బూడిదరంగుకు తిరుగుతుంది. మెడలో కలిసిపోయి కనిపించని గీతే మీ షేడ్.

మచ్చలకు కన్సీలర్ కూడా ఇదే షేడ్‌లో ఉండాలి. లేతది వేస్తే మచ్చ ఇంకా ఎత్తి చూపిస్తుంది. కళ్లకింద నలుపుకైతే ముందు పీచ్ లేదా నారింజ రంగు కరెక్టర్ పలుచగా అద్ది, దానిపై కన్సీలర్ వేయండి. నేరుగా లేత కన్సీలర్ వేస్తే అక్కడా బూడిదరంగే తేలుతుంది.