ఏలిక పాములు చలిజ్వరానికి అడ్డుపడతాయా?

కడుపులో ఏలిక పాములున్న మనిషికి మలేరియా వస్తే జబ్బు ముదరాలి కదా? బ్యాంకాక్‌లో మలేరియా రోగుల మీద జరిగిన ఒక అధ్యయనంలో దీనికి తిరగబడిన లెక్క తేలింది. 2000లో మాథ్యూ నాషే బృందం ప్రచురించిన ఆ లెక్క ప్రకారం, మలేరియా మెదడుకెక్కి స్పృహ తప్పినవాళ్లలో ఏలిక పాములు తక్కువమందికే ఉన్నాయి.

కారణం ఇలా ఊహించారు. ఫాల్సిపేరం మలేరియాలో క్రిమి చొరబడిన ఎర్రకణాలు మెదడులోని సన్నటి నాళాల గోడలకు అతుక్కుంటాయి. క్రిమిని చంపడానికి ఒళ్లు చేసే హడావుడి శ్రుతి మించితే ఆ నష్టం ఇంకా పెరుగుతుంది. పేగులో ఏళ్ల తరబడి కాపురముండాల్సిన పురుగు మాత్రం రోగనిరోధక శక్తిని జోకొడుతుంది. ఆ జోల మలేరియా మీద జరిగే దాడిని కూడా చల్లార్చి ఉండొచ్చు. అయితే దాడి చల్లారితే క్రిమికీ సుఖమే.

ఇండోనేషియాలోని ఫ్లోరెస్ దీవిలో కొన్ని ఇళ్లవాళ్లకు మూడు నెలలకోసారి ఆల్బెండజోల్, మిగతావాళ్లకు ఉత్తుత్తి మాత్ర ఇచ్చి చూశారు. పురుగులు తగ్గినవాళ్ల రక్తంలో మొదటి కొన్ని నెలలు మలేరియా క్రిములు ఎక్కువగా కనిపించాయి, తర్వాత ఆ తేడా పోయింది. సెనెగల్ పల్లెల్లో పరిస్థితి బ్యాంకాక్‌కు పూర్తిగా ఎదురు. మలేరియా ముదిరిన పిల్లల్లోనే ఏలిక పాములు ఎక్కువ. పురుగులుండే పల్లెవాళ్లకు మలేరియా దోమకాట్లూ ఎక్కువే, వాటితో వచ్చే ఓర్పూ ఎక్కువే. అందువల్ల రోగుల లెక్కలో ఏది పురుగు పని, ఏది ఊరి పని అని విడదీయడం కష్టం. నన్నడిగితే బ్యాంకాక్ లెక్కను వైద్యంగా చూడకూడదు, ఆధారంగా మాత్రమే చూడాలి.

కొంకి పురుగు దగ్గర ఇంత సందేహం అక్కర్లేదు. అది పేగు గోడను కరిచిపట్టి రక్తం తాగుతుంది. నెకేటర్ జాతి పురుగొకటి రోజుకు సుమారు 0.03 మిల్లీలీటర్లు పోగొడుతుంది. పదిహేను కిలోల పిల్లకు వంద పురుగులుంటే రోజుకు 3, నెలకు 90 మిల్లీలీటర్లు. ఆ పిల్ల ఒంట్లో మొత్తం రక్తం లీటరుకు కాస్త పైన. పోయిన ఇనుములో కొంత పేగు తిరిగి పీల్చుకున్నా నిల్వలు కరుగుతూనే ఉంటాయి. హిమోగ్లోబిన్ 8కి దిగి ఉన్నప్పుడు మలేరియా వచ్చి ఎర్రకణాలను పగలగొడితే, కొత్తవి తయారయ్యే మూలుగను మందగింపజేస్తే, అది 5 కిందకు జారడానికి ఎక్కువ రోజులు పట్టదు. అక్కడ రక్తం ఎక్కించాల్సి రావచ్చు.

పాడేరు, అరకు లాంటి మన్యం ఊళ్లలో మలేరియా ఇప్పటికీ ఉంది. జ్వరం తగ్గి, రక్తపరీక్షలో క్రిమి లేదని తేలాక కూడా పిల్ల అరచేతులు, కనురెప్పల లోపలి భాగం పాలిపోయి ఉంటే, నెపమంతా మలేరియా మీదే వేయకుండా మలపరీక్ష కూడా చేయించాలి. కొంకి పురుగు గుడ్లు కనిపిస్తే 400 మిల్లీగ్రాముల ఆల్బెండజోల్ మాత్ర ఒకటి. దానితో పాటు ఐరన్ ఎప్పుడు, ఎంత అనేది డాక్టరు చెబుతారు.