ఆరు చీరలు, ఆగిపోయిన ఖాతా

పొద్దున్నే ఫోన్ తీస్తే రాత్రి వచ్చిన మెయిల్ కనిపిస్తుంది. అమ్మకాల ఖాతా నిలిపివేశామని, ఆర్డర్లలో లోపాల రేటు హద్దు దాటిందని రెండు ముక్కల్లో ఉంటుంది. పేజీలో నిన్నటిదాకా ఉన్న సరుకు ఇప్పుడు ఎవరికీ కనబడదు. రావాల్సిన సొమ్ము కూడా ఆగొచ్చు. ఆ ఆదుర్దాలో గంట తిరగకుండా ‘దయచేసి మా ఖాతా తెరవండి’ అని నాలుగు వాక్యాలు రాసి పంపేస్తారు చాలామంది. అప్పీలు చెడిపోయేది చాలాసార్లు అక్కడే.

ముందు ఆ రేటు ఎలా కడతారో తెలియాలి. అమెజాన్ సంగతే తీసుకుందాం. అక్కడ ఆర్డర్ లోపాల రేటు 1 శాతం లోపు ఉండాలి. 60 రోజుల వ్యవధిలో వచ్చిన ఆర్డర్లలో ఎన్నింటికి లోపం పడిందన్నదే లెక్క. లోపం అంటే మూడింటిలో ఏదో ఒకటి: కొన్నవారు ఒకటి లేదా రెండు నక్షత్రాలు ఇవ్వడం, సరుకు రాలేదనో చెప్పినట్టు లేదనో ఏ టు జడ్ గ్యారంటీ కింద క్లెయిము వేయడం, సరుకు బాగోలేదని బ్యాంకు ద్వారా కార్డు డబ్బు వెనక్కి తీసుకోవడం. ఒకే ఆర్డర్ మీద నక్షత్రం తగ్గినా, క్లెయిము పడినా రెండూ కలిపి ఒక్క లోపమే. లెక్కలోకి తీసుకునేది ఫిర్యాదు వచ్చిన తేదీని కాదు, ఆర్డర్ తేదీని. అందుకే పోయిన నెలలో పంపిన సరుకు మీద ఈ వారం పడిన క్లెయిము పోయిన నెల ఖాతాలోకే వెళ్తుంది. రేటు ఎందుకు పెరిగిందో చాలామందికి అర్థం కాకపోవడానికి ఇదొక కారణం.

ఒక ఉదాహరణ అనుకుందాం. మంగళగిరి చీరలు ఇంటి నుంచే ప్యాక్ చేసి పంపే వ్యాపారి ఒకరు. 60 రోజుల్లో 240 ఆర్డర్లు. మూడు తక్కువ నక్షత్రాలు, నాలుగు క్లెయిములు. వాటిలో ఒకటి ఒకే ఆర్డర్ మీద రెండుసార్లు పడింది కాబట్టి లోపం ఉన్న ఆర్డర్లు ఆరు. 240లో ఆరంటే 2.5 శాతం. నిజానికి ఈ వ్యాపారికి మూడో లోపంతోనే హద్దు దాటిపోయింది. చిన్న వ్యాపారులను ఈ రేటు త్వరగా పట్టుకుంటుంది. 2,400 ఆర్డర్లు పంపేవారికి ఆరు లోపాలు పావు శాతమే. ఇది అన్యాయంగా అనిపించడం సహజం. కానీ ఆ వాదన అప్పీలులో పనికిరాదు.

ఈ వ్యాపారి మొదట చేయాల్సింది రాయడం కాదు, చదవడం. సెల్లర్ సెంట్రల్‌లో Account Health పేజీ తెరిచి, ఆ ఆరు ఆర్డర్ల నంబర్లూ కాగితం మీద దించుకుని, ఒక్కోదాని పక్కన కొన్నవారు రాసిన మాటలు ఉన్నవి ఉన్నట్టు రాసుకోవాలి. అలా రాస్తే నాలుగింటిలో ఒకే మాట కనబడింది: ‘జాకెట్టు ముక్క లేదు’. మిగతా రెండింటిలో ‘మెసేజ్ పెట్టాం, జవాబు లేదు’ అని ఉంది. ఆరు ఫిర్యాదులు రెండు కారణాలయ్యాయి.

అక్కడితో ఆగితే సగం పనే. జాకెట్టు ముక్క ఎందుకు లేదు? పేజీలో ‘జాకెట్టు ముక్కతో’ అని ఉంది. కొత్తగా దిగిన 38 చీరల లాటు మాత్రం ఐదున్నర మీటర్లదే. జాకెట్టు ముక్క ఉంటే దాదాపు 6.3 మీటర్లుండాలి. సరుకు దించుకునేటప్పుడు రంగులు చూశారు, లెక్క చూశారు, పొడవు మాత్రం కొలవలేదు. అసలు కారణం అదీ. ‘నేతగాడు తప్పు పంపాడు’ అంటే అది కారణం కాదు, నెపం. ఎందుకంటే రేపు మళ్లీ పంపితే ఆపడానికి ఈ ఇంట్లో ఏమీ లేదు. మెసేజ్‌ల విషయంలోనూ ఇంతే. 24 గంటల్లో జవాబివ్వాలన్నది అక్కడి లెక్క. మెసేజ్‌లు వచ్చే ఫోన్ ఒక్కరి దగ్గరే ఉంది, ఆ మనిషి నాలుగు రోజులు ఊళ్లో లేరు.

ఇప్పుడు అప్పీలు. దీన్ని ‘ప్లాన్ ఆఫ్ యాక్షన్’ అంటారు. మూడు సంగతులు అడుగుతుంది: అసలు కారణం ఏమిటి, ఇప్పటికే ఏం సరిదిద్దారు, మళ్లీ జరగకుండా ఏం పెట్టారు. సాధారణంగా ఇంగ్లిష్‌లోనే పంపుతారు గానీ, సారం తెలుగులో ఇలా ఉంటుంది:

‘ఆరు లోపాల్లో నాలుగు ఒకే లిస్టింగ్‌వి. 38 చీరల లాటు జాకెట్టు ముక్క లేకుండా వచ్చింది. మేం పొడవు కొలవకుండా స్టాకులో పెట్టాం. మిగతా రెండు ఆర్డర్లలో కొన్నవారి మెసేజ్‌లకు నాలుగు రోజులు జవాబివ్వలేదు. ఆరుగురికీ డబ్బు పూర్తిగా వాపసు చేశాం. ఆ లాటులో మిగిలిన 21 చీరలను వేరు చేసి, ఆ లిస్టింగ్ ఆపేశాం. ఇకపై దిగిన ప్రతి చీరనూ కొలిచి కవరు మీద పొడవు రాస్తాం. ముక్క ఉన్నవాటికీ లేనివాటికీ వేర్వేరు లిస్టింగులు పెట్టాం. ఉదయం 9కి, సాయంత్రం 6కి మెసేజ్‌లు చూడటానికి ఇద్దరిని నియమించాం.’

దీనితో పాటు వాపసు వివరాలు, నేతగాడి బిల్లు, కొలతలు రాసిన రిజిస్టర్ పేజీ ఫొటో జతచేయాలి. అంతే. ఒక పేజీ చాలు. ‘మా మీద పది కుటుంబాలు బతుకుతున్నాయి, ఐదేళ్లుగా నమ్మకంగా అమ్ముతున్నాం’ అన్న మాటలు నిజమే కావొచ్చు, రాసేవారి గుండె బరువూ నాకు అర్థమవుతుంది. కానీ తలుపు అవతల చదివే మనిషి చూసేది ఒక్కటే: రేపు ఖాతా తెరిస్తే ఏడో ఫిర్యాదు వస్తుందా, రాదా. ఆ ప్రశ్నకు కొలత టేపు జవాబు చెబుతుంది, కన్నీళ్లు చెప్పలేవు. చేసేశామని రాసినవి నిజంగా చేసేశాకే రాయాలి.

తీసేయించదగ్గ లోపాలుంటే విడిగా అడగొచ్చు. ఫీడ్‌బ్యాక్‌లో బూతులున్నా, ఎవరి ఫోన్ నంబరో ఉన్నా, అమ్మినవారి గురించి ఏమీ లేకుండా వస్తువు మీద సమీక్ష మాత్రమే ఉన్నా తొలగించమని కోరవచ్చు. కానీ లెక్క మరిచిపోవద్దు. ఈ వ్యాపారికి రెండు పోయినా నాలుగు మిగులుతాయి. 240లో నాలుగు అంటే ఇంకా 1.67 శాతం. ప్లాన్ రాయక తప్పదు. ఫీడ్‌బ్యాక్ తీసేస్తే డబ్బిస్తామని కొన్నవారికి ఆశ చూపడం మరో ఉల్లంఘన అవుతుంది. అంతకంటే పెద్ద ప్రమాదం ఇంట్లో మరొకరి పేరుతో కొత్త ఖాతా తెరవడం. రెండూ ఒకరివేనని తేలితే రెండోదీ ఆగిపోతుంది, మొదటిది తెరుచుకోవడం మరీ కష్టమవుతుంది.

అప్పీలు తిరస్కరిస్తే అదే కాగితాన్ని మళ్లీ పంపకండి. వచ్చిన జవాబు పక్కన పెట్టుకుని, కారణం, దిద్దుబాటు, నివారణ అనే మూడింటిలో ఏది పలచగా ఉందో చూడండి. ఎక్కువసార్లు పలచగా ఉండేది కారణమే. నేరుగా ‘ప్యాకింగ్‌లో పొరపాటు’ అని రాసి ఉంటే, ఆ పొరపాటు ఏ బల్ల దగ్గర, ఏ పని చేయకపోవడం వల్ల జరిగిందో రాయండి. రెడీమేడ్ అప్పీలు రాసిపెడతామంటూ డబ్బు అడిగేవాళ్లకు మీ ఆరు ఆర్డర్ల సంగతి తెలియదు. ఆ కాగితం మీరే రాసుకోండి. ఖాతా ఆగక ముందు వచ్చిన ఆర్డర్లు ఇంకా పంపాల్సి ఉంటే, వాటిని ఈలోగా సమయానికి పంపేయండి. పంపే ముందు చీర కొలవండి.