ప్రకటనల లెక్క ఎక్కడ తేలుతుంది?

ఒక ఆన్‌లైన్ చీరల దుకాణం ఈ నెల ప్రకటనలకు ఫేస్‌బుక్‌లో లక్ష, గూగుల్‌లో లక్ష ఖర్చు పెట్టిందనుకుందాం. తన వల్ల 5 లక్షల అమ్మకాలు జరిగాయని ఫేస్‌బుక్, 6 లక్షలని గూగుల్ చూపిస్తాయి. కానీ దుకాణం మొత్తం అమ్మకాలే 8 లక్షలు! ఫేస్‌బుక్‌లో చీర చూసి, గూగుల్‌లో వెతికి కొన్నవారిని రెండూ తమ ఖాతాలో వేసుకున్నాయి.

ఇలాంటప్పుడు మొత్తం బడ్జెట్‌ను పెంచాలా వద్దా తేల్చడానికి, మొత్తం అమ్మకాలను మొత్తం ప్రకటన ఖర్చుతో భాగించడమే మేలు. ఇక్కడ అది 4. వచ్చే నెల ఖర్చు 3 లక్షలైనా అమ్మకాలు 9 లక్షలే అయితే, అదనపు లక్షకు లక్ష అమ్మకమే వచ్చింది. సరుకు ఖరీదు తీసేస్తే అది నష్టమే.

అయితే పండగ గిరాకీ కూడా ఈ అంకెను పెంచుతుంది. ఏ ప్రకటన పనిచేసిందో తెలియాలంటే, దాన్ని కొన్ని ఊళ్లలో కొన్ని వారాలు ఆపి, మిగతా ఊళ్ల అమ్మకాలతో పోల్చాలి.