అక్షరం అలుక్కుపోకుండా వీడియో తగ్గాలంటే

ఎక్సెల్‌లో మార్కుల జాబితా ఎలా తయారు చేయాలో చూపిస్తూ ఒక టీచరు తన ల్యాప్‌టాప్ తెరను 8 నిమిషాలు రికార్డు చేశారనుకుందాం. మాట స్పష్టంగా ఉంది, పాఠం బాగా వచ్చింది. ఫైలు మాత్రం 300 ఎంబీ. దాన్ని మామూలు వీడియోలాగే పిల్లల వాట్సాప్ గ్రూపులో పెట్టేస్తే చప్పున చిన్నదైపోతుంది. కానీ గళ్లలోని పేర్లు, అంకెలు మసకబారిపోతాయి. ఎవరికి ఎన్ని మార్కులో, ఏ గడిలో ఏ ఫార్ములా రాశారో చూసేవాళ్లకు అర్థం కాదు.

ఇలా జరగడానికి కారణం పిక్సెళ్ల లెక్కలోనే ఉంది. ఆ ల్యాప్‌టాప్ తెర వెడల్పు 1920 పిక్సెళ్లు, ఎత్తు 1080. మామూలు నాణ్యతలో పంపిన వీడియోను వాట్సాప్ 480 పిక్సెళ్ల ఎత్తుకు దించేస్తుంది. అంటే తెర మీద 18 పిక్సెళ్ల ఎత్తున్న అక్షరం 8 పిక్సెళ్లకు వచ్చేస్తుంది. ఇంగ్లిష్ అక్షరమైతే ఆ 8 పిక్సెళ్లలో ఎలాగో పోల్చుకోవచ్చు. తెలుగు అక్షరానికి మాత్రం తలకట్టు, గుడి, కింద ఒత్తు అన్నీ అందులోనే ఇమడాలి. ‘ఠ’లో చుక్క పోతే ‘ర’ అవుతుంది. ‘ఫ’ కింద గీత పోతే ‘ప’ మిగులుతుంది. 2023లో వచ్చిన హెచ్‌డీ ఎంపికతో ఎత్తు 720 వరకు ఉంటుంది కాబట్టి కొంత మేలు. అయినా యాప్ ఆ వీడియోను తన పద్ధతిలో మళ్లీ కుదించే పంపుతుంది.

రెండో కారణం కుదింపు జరిగే తీరు. వీడియోను కుదించే పద్ధతులు ప్రధానంగా కెమెరా దృశ్యాలను మనసులో పెట్టుకుని పుట్టాయి. ఇప్పుడు దాదాపు ప్రతి ఫోనూ చదవగలిగే హెచ్.264 కూడా అలాంటిదే. అది బొమ్మను చిన్న చిన్న చదరాలుగా విడగొడుతుంది. ఒక్కో చదరంలో కన్ను పెద్దగా పట్టించుకోని సన్నని వివరాలను ముందుగా వదిలేస్తుంది. ఆకాశంలోనో, ముఖం మీదో ఆ నష్టం తెలియదు. అక్షరం అంచులో మాత్రం ఉన్నదంతా సన్నని వివరమే. తెల్ల కాగితం మీది నల్ల గీత చుట్టూ బూడిద రంగు మరకలు కమ్ముకోవడం అందుకే.

అయితే తెర రికార్డింగులో ఒక పెద్ద సౌలభ్యం ఉంది. టీచరు మాట్లాడుతున్నంతసేపూ తెర కదలదు. మౌస్ బాణం ఒక్కటే అటూ ఇటూ తిరుగుతుంది. ముందు ఫ్రేముకీ తర్వాతి ఫ్రేముకీ తేడా ఉన్న చోటే కుదింపు ఖర్చు పెడుతుంది కాబట్టి, కదలని తెర ఎంతసేపున్నా ఫైలు పెద్దగా పెరగదు. అంటే ఇలాంటి వీడియోలో ఫ్రేములు తగ్గించుకోవచ్చు, ధ్వని తగ్గించుకోవచ్చు, పనికిరాని అంచులు కత్తిరించుకోవచ్చు. తగ్గించకూడనివి అక్షరానికి దక్కే పిక్సెళ్లే.

అందుకే పని రికార్డింగుకు ముందే మొదలవ్వాలి. ఎక్సెల్ కింద కుడి మూలలో ఉండే జూమ్‌ను 150 శాతానికి పెంచి, కావలసిన నాలుగు నిలువు వరుసలే కనిపించేలా కిటికీని కుదించుకోవాలి. చివరి వీడియోలో తలకట్టు నుంచి ఒత్తు దాకా కనీసం 20 పిక్సెళ్లు ఉండేలా చూసుకుంటే నిశ్చింత. రంగులు కూడా ముఖ్యమే. మామూలు వీడియోలో వెలుగునీడలు ప్రతి పిక్సెల్‌కూ విడిగా నమోదవుతాయి, రంగు మాత్రం నాలుగు పిక్సెళ్లకు కలిపి ఒక్కసారే. నీలం మీద ఎరుపు అక్షరాలు అలుక్కుపోయేది ఇందువల్లే. తెలుపు మీద నలుపు రాసుకుంటే ఈ బెడద ఉండదు.

ఇక కుదింపు. కంప్యూటర్‌లో ఉచితంగా దొరికే హ్యాండ్‌బ్రేక్ చాలు. ఫైలు తెరిచాక Dimensions ట్యాబులో Cropping దగ్గర Custom ఎంచుకోవాలి. మన ఉదాహరణలో పాఠమంతా తెర ఎడమ వైపు 1280 పిక్సెళ్ల వెడల్పులో, 720 ఎత్తులో ఉందనుకుందాం. పైన 180, కింద 180, కుడి వైపు 640 పిక్సెళ్లు కోసేస్తే ఆ భాగమే మిగులుతుంది. 1080 నుంచి 720కి బొమ్మనంతా కుదించినా ఫ్రేము కొలత అదే వస్తుంది కానీ ప్రతి అక్షరమూ మూడో వంతు చిన్నదై అంచులు మెత్తబడతాయి. కత్తిరిస్తే అక్షరం ఉన్నది ఉన్నట్టే ఉంటుంది.

Video ట్యాబులో ఎన్‌కోడర్‌గా H.264 (x264) ఉంచాలి. హెచ్.265 ఫైలును ఇంకా తగ్గిస్తుంది గానీ పాత ఫోన్లలో కొన్ని దాన్ని ఆడించలేవు. ఫ్రేము రేటు 30 నుంచి 10కి దించాలి. మౌస్ బాణం కాస్త గెంతుతూ కనిపిస్తుంది, అక్షరానికి ఏమీ కాదు. Constant Quality దగ్గర RF అంకె 22తో మొదలుపెట్టాలి. ఈ అంకె పెరిగే కొద్దీ ఫైలు చిన్నదవుతుంది, నాణ్యత పడిపోతుంది. Audio ట్యాబులో Mono, 64 పెడితే 8 నిమిషాల మాట 4 ఎంబీ లోపే సరిపోతుంది.

కమాండ్‌తో పని చేసే అలవాటున్నవారు ఎఫ్ఎఫ్ఎంపెగ్‌లో ఇదంతా ఒకే ఆదేశంగా ఇవ్వొచ్చు:

```
ffmpeg -i patham.mp4 -vf "crop=1280:720:0:180,fps=10" \
 -c:v libx264 -crf 22 -preset slow -pix_fmt yuv420p \
 -c:a aac -b:a 64k -ac 1 chinnadi.mp4
```

ఇలా చేసినప్పుడు ఫైలు ఎంతకు వస్తుందో ముందే కచ్చితంగా చెప్పలేం, ఎందుకంటే అది తెర ఎంత కదిలిందన్న దాన్ని బట్టి ఉంటుంది. అందుకని అక్షరాలు బాగా కిక్కిరిసిన 30 సెకన్ల ముక్కను ముందు కుదించి చూడాలి. 8 నిమిషాల్లో అలాంటి ముక్కలు 16. ముక్క 1.5 ఎంబీ వస్తే మొత్తం సుమారు 24 ఎంబీ అవుతుంది. అది ఎక్కువనిపిస్తే RFను 24కో, 26కో పెంచి అదే ముక్కను మళ్లీ కుదించి చూడాలి. అక్షరాల చుట్టూ మరకలు మొదలైన చోట ఆగి, ఒక అంకె వెనక్కి రావాలి.

ఆ ముక్కలో పేజీని పైకీ కిందికీ జరిపిన చోటును తప్పకుండా ఆపి చూడాలి. తెరంతా ఒక్కసారిగా మారే ఆ క్షణంలోనే కుదింపు మీద భారం ఎక్కువ. అక్షరాలు కాసేపు మసకబారి ఆ తర్వాత తేటపడుతున్నాయంటే RF తగ్గించాల్సిందే. రికార్డు చేసేటప్పుడు పేజీని ఆపకుండా జరుపుతూ పోయే బదులు, ఒక్కసారి జరిపి ఆగితే ఈ ఇబ్బంది చాలావరకు తప్పుతుంది.

ఇంత శ్రమపడి తయారు చేసిన ఫైలును గ్యాలరీలోంచి వీడియోగా పంపితే వాట్సాప్ మళ్లీ కుదిస్తుంది. శ్రమంతా వృథా. అటాచ్ గుర్తు నొక్కి, డాక్యుమెంట్ ఎంచుకుని, అక్కణ్నుంచి ఫైలును పంపితే ఉన్నది ఉన్నట్టే వెళుతుంది. 2 జీబీ దాకా ఈ దారి తెరిచే ఉంది. టెలిగ్రామ్‌లోనూ ఫైలుగా పంపే వీలుంది. వచ్చిన దాన్ని ఇంకొకరికి అందించేవారు ఫార్వర్డ్ చేయాలే తప్ప, గ్యాలరీలో దాచుకుని అక్కణ్నుంచి మళ్లీ వీడియోగా పంపకూడదు. అలా పంపిన ప్రతిసారీ అక్షరం ఇంకాస్త చెదురుతుంది.

పంపే ముందు ఒక్క పని చేయండి. ఇంట్లో ఉన్న అన్నిటికన్నా చిన్న తెర ఫోనులో వీడియో పెట్టి, ఒత్తులున్న ఒక పేరు దగ్గర, 3, 8 అంకెలున్న ఒక గడి దగ్గర ఆపి, మీ పాఠం వినని మనిషిని చదవమనండి. వాళ్లు తడబడకుండా చదివితే పంపేయండి. తడబడితే రికార్డింగులోనే అక్షరాన్ని పెద్దది చేసి మళ్లీ తీయండి.