గల్లా తగ్గితే ఎప్పుడు కంగారుపడాలి?

ఒక టిఫిన్ సెంటర్‌లో ఈ సోమవారం గల్లా 10,800 దగ్గరే ఆగిందనుకుందాం. ఆదివారంతో పోల్చి బెంబేలెత్తడం దండగ, ఆదివారం బేరం వేరు. సోమవారాన్ని సోమవారాలతోనే చూడాలి.

గత ఎనిమిది సోమవారాల సగటు 12,000. ఒక సోమవారానికీ మరుసటి సోమవారానికీ ఉన్న తేడాలు, ఎక్కువైనా తక్కువైనా గుర్తు వదిలేసి సగటు తీస్తే 700. దాన్ని 2.66తో గుణిస్తే 1,862. సగటుకు అంత కలిపితే పై హద్దు 13,862, తీసేస్తే కింది హద్దు 10,138. అమెరికాలో వాల్టర్ షూహార్ట్ 1924లో ఫ్యాక్టరీ సరుకు నాణ్యత కోసం వేసిన పట్టికే దీనికి మూలం.

కాబట్టి 10,800 మామూలు ఒడిదుడుకే, మాస్టర్‌ని కేకలేయక్కర్లేదు. 9,400 వస్తే మాత్రం కారణం వెతకాలి.

వారం వారం సగటు ముందుకు జరుగుతుంది. అయితే పండగ సోమవారం 22,000 వస్తే దాన్ని లెక్కలోంచి తీసేయాలి. లేదంటే హద్దులు వెడల్పై, తర్వాత వచ్చే అసలు నష్టం కనపడదు. నెమ్మదిగా జారే బేరాన్ని కూడా ఈ జరిగే సగటు దాచేస్తుంది, తనూ దాంతోపాటే దిగుతుంది గనక. అందుకే పాత సగటును కాసేపు కదలకుండా ఉంచి చూడాలి: వరసగా ఎనిమిది సోమవారాలు దాని కిందే ఉంటే, హద్దు దాటకపోయినా బేరం పడిపోయినట్టే.